ఒకే తెర... నాలుగు తాళాలు!
వేర్వేరు ఫ్రేమ్ రేట్ల క్లిప్పులు కలిపితే బొమ్మ ఎందుకు కుంటుతుంది? జెర్కు లేకుండా కలపడం ఎలా?

పాత మూకీ సినిమా ముక్కలు ఎప్పుడైనా చూశారా? అందులో మనుషులు తురుతురుమని నడుస్తారు. టోపీ తీసి పెట్టేలోపు రోడ్డు దాటేస్తారు. చూసి నవ్వుకుంటాం. ఆ కాలం వాళ్ళు నిజంగా అంత హడావిడి మనుషులా? కానే కాదు! ఆ తొందర వాళ్ళ కాళ్ళలో లేదు, మనం చూపించే పద్ధతిలో ఉంది.

1913లో ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చిన రోజుల్లో కెమెరాని చేత్తో తిప్పేవారు. సెకనుకి పదహారో, పద్ధెనిమిదో బొమ్మలు పడేవి. తిప్పేవాడి చెయ్యి అలిసిపోతే ఇంకో రెండు తగ్గేవి. తర్వాత సినిమాకి మాటలొచ్చాయి. మన తెలుగులో 1932లో ‘భక్త ప్రహ్లాద’ మాట్లాడింది. బొమ్మ వేగం అటూ ఇటూ అయితే కన్ను సర్దుకుంటుంది గానీ, గొంతు వేగం మారితే చెవి ఊరుకోదు. అందుకని మాటతోపాటు ఒక కచ్చితమైన లెక్క కూడా వచ్చింది. సెకనుకి 24 ఫ్రేములు! సెకనుకి 16 చొప్పున తీసిన పాత ముక్కని ఈ 24 లెక్కన ఆడిస్తే, మూడు సెకన్ల నడక రెండు సెకన్లలో అయిపోతుంది. అదీ ఆ తురుతురు నడక రహస్యం.

దీన్ని తిరగేస్తే స్లో మోషన్. సెకనుకి 48 ఫ్రేములు తీసి 24 లెక్కన చూపిస్తే, హీరోగారి జుట్టు సగం వేగంతో ఎగురుతుంది. తీసిన లెక్క ఒకటి, చూపించే లెక్క ఒకటి. ఈ రెంటికీ మధ్య తేడాని కావాలని వాడుకుంటే అందం. తెలీకుండా జరిగితే మాత్రం గందరగోళం.

ఈ గందరగోళం ఇప్పుడు ఇంటింటికీ వచ్చింది. ఫిలిం రోజుల్లో ఎడిటింగ్ టేబుల్ మీదికొచ్చే రీళ్ళన్నీ దాదాపు ఒకే లెక్కవి. ఇవాళ షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్ళ దగ్గర కెమెరా ఒక లెక్క, ఫోను ఒక లెక్క, ఇంట్లో పాత క్యాసెట్టు ఇంకో లెక్క. అన్నిటినీ తెచ్చి ఒకే టైమ్‌లైన్ మీద పడేస్తారు. కంప్యూటర్ కిక్కురుమనకుండా అన్నిటినీ తీసుకుంటుంది. ఆడించి చూస్తే ఒక షాట్ కుంటుతుంది, ఒకటి నత్తలా సాగుతుంది, ఒకదాంట్లో పెదాలొకచోట, మాటొకచోట!

తాతగారు తడబడ్డారు!

నేను ఎడిటింగ్ చేస్తాను కాబట్టి ఇలాంటివి నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. ఈమధ్య ఒక కుర్ర డైరెక్టర్ తన ఇరవై నిమిషాల సినిమా తెచ్చాడు. పల్లె వదిలి పట్నం వెళ్ళే అమ్మాయి కథ. మెయిన్ కెమెరాతో తీసినదంతా 24 ఫ్రేములు. అది కాక ముగ్గురు అతిథులున్నారు. అమ్మాయి బస్సు వెనక పరుగెత్తే షాట్ 60 ఫ్రేములు. రెండో రోజు కెమెరా దొరక్క ఫోన్లో తీసిన సీన్లు 30 ఫ్రేములు. ఇక మూడోది... 1990ల నాటి పెళ్ళి క్యాసెట్టు నుంచి తీసుకున్న ముక్క. అందులో డైరెక్టర్ తాతగారు పందిట్లోంచి నడిచొస్తారు. మన దేశపు వీడియో క్యాసెట్టు కాబట్టి అది 25 ఫ్రేములు.

"సార్, మా తాతయ్య కదిలే బొమ్మ ప్రపంచంలో ఇదొక్కటే ఉంది. సినిమాలో చూస్తే ఆయన అడుగడుక్కీ తడబడుతున్నట్టున్నాడు. మా అమ్మ చూస్తే ఏడుస్తుంది. తాతయ్య అలా నడిచేవాడు కాదు సార్!" అన్నాడు.

క్యాసెట్టు పాతబడి పాడైందని వాళ్ళ అనుమానం. నేను ఆ క్లిప్పుని టైమ్‌లైన్ మీద కాకుండా విడిగా ఆడించాను. తాతగారు దర్జాగా, తొణక్కుండా నడిచొచ్చారు! అంటే తప్పు క్యాసెట్టుది కాదు. 25ని 24లో ఇరికించే దగ్గర ఏదో జరుగుతోంది. ఇలాంటి తేడా కనబడ్డప్పుడు మీరు చెయ్యాల్సిన మొదటి పరీక్ష ఇదే. క్లిప్పు విడిగా బాగుండి, టైమ్‌లైన్ మీద కుంటితే, ఫ్రేమ్ రేట్ల గొడవ అనుకోవచ్చు.

కాలమా... ఫ్రేములా?

ఇక్కడ ఒక్క నిమిషం నిదానంగా చదవండి. మిగతాదంతా దీనిమీదే నిలబడుతుంది.

సెకనుకి 30 బొమ్మలున్న క్లిప్పుని, 24 గదులున్న సెకనులోకి తెచ్చాం. ఆరు బొమ్మలు ఎక్కువయ్యాయి. వాటిని ఏం చెయ్యాలి? ఉన్న దార్లు రెండే. కాలాన్ని కాపాడుకోవాలంటే, అంటే సెకను సెకనులాగే ఉండాలంటే, ఆ ఆరు బొమ్మల్నీ పారెయ్యాలి. బొమ్మలన్నిటినీ కాపాడుకోవాలంటే సెకనుని సాగదీయాలి. కాలం, ఫ్రేములు రెండూ చెక్కుచెదరకుండా దక్కవు.

మీరేమీ చెప్పకపోతే డావిన్చి రిజాల్వ్, ప్రీమియర్ లాంటి సాఫ్ట్‌వేర్లు కాలాన్నే కాపాడతాయి. మన 30 క్లిప్పుకి వరసగా నంబర్లు వేసి, 24 టైమ్‌లైన్ మీద ఏవి కనిపిస్తున్నాయో చూద్దాం. 0, 1, 2, 3... ఆ తర్వాత 5! నాలుగో నంబరు మాయం. మళ్ళీ 6, 7, 8, ఆ వెంటనే 10. ప్రతి ఐదింటిలో ఒకటి ఎగిరిపోయింది. మనిషి మూడడుగులు సమంగా వేసి, నాలుగోది గంతేసినట్టు. సెకనుకి ఆరుసార్లు ఈ గంతు! దీన్నే మనం జెర్కు అంటున్నాం.

25 క్లిప్పులో పోయేది సెకనుకి ఒక్క బొమ్మే. ఒక్కటేగా అని తీసిపారెయ్యకండి. ఆరుసార్లు వచ్చే వణుకుకి కన్ను కొంత అలవాటు పడుతుంది. సెకను పొడుగునా నున్నగా నడిచి, సెకనుకోసారి మాత్రం ఠక్కుమంటే, ఆ ఠక్కు కోసమే కన్ను కాచుకు కూర్చుంటుంది. తాతగారి నడకలో తడబాటు ఇదే.

మూడో దారి ఒకటుంది, దొంగదారి. లేని బొమ్మల్ని పుట్టించడం. రిజాల్వ్‌లో క్లిప్పుని ఎంచుకుని, పక్కనున్న ఇన్‌స్పెక్టర్‌లో `Retime and Scaling` కింద `Retime Process` చూడండి. అక్కడ `Nearest` అంటే, ఉన్నవాటిలో దగ్గరి బొమ్మ తీసుకోవడం. ఇప్పుడు చెప్పిన గంతులన్నీ దాని పుణ్యమే. `Frame Blend` అంటే పక్కపక్క బొమ్మలు రెంటినీ ఒకదానిమీద ఒకటి పలచగా కలిపెయ్యడం. `Optical Flow` అంటే, బొమ్మలో ప్రతి చుక్కా ఎటు కదులుతోందో లెక్కగట్టి, మధ్యలో ఉండాల్సిన బొమ్మని కొత్తగా తయారుచెయ్యడం. ప్రీమియర్‌లోనూ ఈ మూడూ ఉన్నాయి. అక్కడ మొదటిదాని పేరు `Frame Sampling`.

‘దే షల్ నాట్ గ్రో ఓల్డ్’ సినిమా గురించి వినే ఉంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చేత్తో తిప్పి తీసిన ఫిలింని పీటర్ జాక్సన్ బృందం ఇలాగే కంప్యూటర్లో మధ్య బొమ్మలు పుట్టించి 24కి తెచ్చింది. 2018లో ఆ సినిమా వచ్చినప్పుడు, వందేళ్ళనాటి సైనికులు మొదటిసారి మనుషుల్లా నడిచారు! అయితే అక్కడ ప్రతి షాటునీ విడిగా కూర్చుని సరిచేశారు. అన్నిటికీ ఒకే మీట నొక్కేస్తే ఏమవుతుందో కాస్సేపట్లో చెబుతాను.

ముందు హీరో ఎవరో తేలాలి

మొదటి పని టైమ్‌లైన్ లెక్క తేల్చడం. ఎక్కువ నిడివి, అందులోనూ మాటలున్న సీన్లు ఏ లెక్కలో ఉంటే అదే హీరో. మన కేసులో 24. మిగతావాళ్ళంతా అతిథి నటులు. హీరో డేట్లకి అతిథులు సర్దుకోవాలి గానీ, అతిథికోసం హీరోని మార్చకూడదు.

ఇక్కడే చాలామంది జారిపోతారు. కొత్త ప్రాజెక్టు తెరిచి, చేతికందిన ఫోను క్లిప్పుని ముందుగా లాగి పడేస్తారు. లెక్క కుదరడం లేదని సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న అడుగుతుంది. రిజాల్వ్‌లో అయితే `Change` అనీ, `Don't Change` అనీ రెండు మీటలు కనిపిస్తాయి. చదవకుండా మొదటిది నొక్కారా... ప్రాజెక్టు మొత్తం ఫోను లెక్కకి మారిపోతుంది. ఆ తర్వాత మీ మెయిన్ కెమెరా షాట్లన్నీ అతిథులై కూర్చుంటాయి! సినిమా అంతా సన్నగా వణుకుతుంటే, కారణం ఆ ఒక్క నొక్కుడే అని ఎవరికీ తట్టదు.

కాబట్టి క్లిప్పులు తెచ్చేముందే `Project Settings` లో `Timeline frame rate` ని 24 అని పెట్టండి. ముందే ఎందుకంటే, ఒకసారి క్లిప్పులు లోపలికొచ్చాక రిజాల్వ్ ప్రాజెక్టు లెక్కని మార్చనివ్వదు.

ఇంకో చిన్న జాగ్రత్త. చాలా కెమెరాలు 24 అని చెప్పుకుంటాయి గానీ లోపల 23.976 తీస్తాయి. అమెరికా టీవీ లెక్కనుంచి వచ్చిన వారసత్వం అది. మీ కెమెరా అదైతే టైమ్‌లైన్‌నీ 23.976 లోనే పెట్టండి. 24లో పెడితే సుమారు 42 సెకన్లకోసారి ఒక బొమ్మ రెండుసార్లు పడుతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే ఆ చిన్న ఆగుడు, పట్టుకోవడానికి మహా కష్టం.

మొదటి అతిథి: బస్సు వెనక పరుగు

60 ఫ్రేముల షాట్ ఇది. టైమ్‌లైన్ మీద మామూలుగా పడేస్తే వరస ఇలా వస్తుంది. 0, 2, 5, 7, 10. అంటే ఒకసారి రెండు మెట్లు, ఒకసారి మూడు మెట్లు. 60ని 24తో భాగిస్తే రెండున్నర వస్తుంది. అరమెట్టు మీద కాలు పెట్టలేం గదా! అందుకే ఆ ఊగిసలాట. అదే 48 అయితే ఒకటి విడిచి ఒకటి, 120 అయితే ఐదింటికొకటి, ఏ తంటా లేకుండా దిగిపోతాయి.

డైరెక్టర్‌ని అడిగాను. "ఈ పరుగు స్లో మోషన్ కావాలా, మామూలుగా కావాలా?"

"బస్సు తప్పిపోయే క్షణం సార్... స్లోగానే కావాలి. అందుకే 60లో తీశాం."

"మరి టైమ్‌లైన్ మీద స్పీడు 40 శాతం అని పెట్టావా?"

"50 పెట్టాం సార్. సగం అయితే లెక్క బాగుంటుందని."

అక్కడే దొరికింది. 60 బొమ్మల్లో ప్రతి ఒక్కటీ ఒక్కో గదిలో కూర్చోవాలంటే వేగం 24 బై 60, అంటే సరిగ్గా 40 శాతం. పది సెకన్ల పరుగు ఇరవై ఐదు సెకన్లవుతుంది. ఒక్క బొమ్మా పోదు, ఒక్కటీ రెండుసార్లు రాదు. 50 శాతం పెడితే సెకనుకి ముప్ఫై బొమ్మలు ఇరవై నాలుగు గదుల్లోకి రావాలి. మళ్ళీ ఐదింటిలో ఒకటి ఎగిరింది. స్లో మోషన్లో జెర్కు వస్తే ఇక దాచుకునే చోటే ఉండదు.

ఇలా ప్రతిసారీ శాతాలు గుణించే బదులు ఇంకో సుఖమైన పద్ధతి ఉంది. మీడియా పూల్‌లో క్లిప్పు మీద కుడి మీట నొక్కి `Clip Attributes` తెరిచి, దాని ఫ్రేమ్ రేటుని 24 అని మార్చెయ్యండి. "నువ్వు 60వి కావు, 24వే" అని క్లిప్పుకి నచ్చజెప్పడమన్నమాట. ప్రీమియర్‌లో `Interpret Footage` లో `Assume this frame rate` అనేది ఇదే పని. ఇక టైమ్‌లైన్ మీద స్పీడు ముట్టుకోవద్దు, 100 దగ్గరే ఉంచండి. ఇటు లెక్క మార్చి, అటు మళ్ళీ 40 శాతం పెట్టారంటే, పరుగు పదహారు శాతానికి పడిపోయి, అమ్మాయి నీళ్ళలో నడిచినట్టుంటుంది. అనుకోని స్పీడు మార్పులు చాలావరకు ఇలా రెండుచోట్ల చెయ్యి పెట్టడంవల్లే వస్తాయి.

పరుగు మొదట్లో రెండు సెకన్లు మాత్రం మామూలు వేగంతో కావాలన్నాడు. ఆ రెండు సెకన్లకి అసలు 60 క్లిప్పునే వాడి `Optical Flow` పెట్టాం. 60 బొమ్మలంటే ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. మధ్య బొమ్మ ఊహించడానికి కంప్యూటర్‌కి పెద్ద కష్టముండదు. గంతు పోయింది గానీ, పక్కనున్న 24 షాట్లతో పోలిస్తే కొంచెం గీసినట్టు, పదునుగా కనిపించింది. ఎందుకంటే 24లో తీసిన బొమ్మకి షట్టరు సెకనులో యాభయ్యో వంతు తెరుచుకుంది. కదిలే చెయ్యి మెత్తగా చెరిగింది. 60లో తీసినప్పుడు నూట ఇరవై ఐదో వంతే తెరుచుకుంది. ఆ చెరుపు లేదు. ఫ్రేములు సరిచెయ్యొచ్చు గానీ ఆ మెత్తదనం దానంతటది రాదు.

2012లో ‘ది హాబిట్’ మొదటి భాగాన్ని 48 ఫ్రేముల్లో తీసినప్పుడు వాళ్ళకీ ఈ చిక్కే వచ్చింది. చాలా థియేటర్లు 24లోనే చూపిస్తాయి గదా! అందుకని షట్టరుని మామూలుకంటే ఎక్కువసేపు, సెకనులో అరవై నాలుగో వంతు తెరిచి తీశారు. ఒకటి విడిచి ఒకటి తీసుకున్నా బొమ్మ మరీ పదునెక్కకుండా ఉండాలని! మీరూ ఒక షాట్‌ని రెండు వేగాల్లోనూ వాడాలనుకుంటే ఆ సంగతి షూటింగ్ రోజే ఆలోచించుకోవాలి.

రెండో అతిథి: ఫోనుగారు

ఫోనుతో వచ్చే చిక్కు రెండంతస్తులది. 30 అని రాసి ఉంటుంది గానీ అది ప్రతి సెకనూ 30 కాదు. వెలుతురు తగ్గితేనో, ఫోను వేడెక్కితేనో బొమ్మల మధ్య ఎడం మారిపోతుంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సమంగా అడుగులేసేవాడిని ఆశిస్తుంది. ఇది ఆగి ఆగి నడిచే మనిషి. అందుకే సీను మొదట్లో పెదాలూ మాటా బాగానే కలిసి, నాలుగైదు నిమిషాలు గడిచేసరికి విడిపోతాయి.

మీడియాఇన్‌ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పు తెరిస్తే జాతకం బయటపడుతుంది. అందులో `Frame rate mode` ఎదురుగా `Variable` అని ఉంటే ముందు దాన్ని దారికి తేవాలి. నేను ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ఇలా చేశాను:

```
ffmpeg -i phone.mp4 -fps_mode cfr -r 30 -c:v libx264 -crf 16 -c:a pcm_s16le phone_cfr.mov
```

దీంతో అడుగులు సమం అవుతాయి. బొమ్మ ఎక్కడ ఆలస్యమైందో అక్కడ పాత బొమ్మే ఇంకోసారి నిలబడుతుంది. మాట తప్పిపోదు. "ఎలాగూ 24కే గదా పోతోంది, ఇక్కడే 24 అని రాసేస్తే పోలా?" అని కుర్రాడు అడిగాడు. పోదు! అలా చేస్తే ఐదో బొమ్మని ఇక్కడే శాశ్వతంగా పారేసినట్టు. తర్వాత ఏ షాటుకి ఏ దారి అన్నది ఎంచుకునే అవకాశం ఉండదు.

ఎంచుకోవడం ఎందుకంటే, ఫోనులో తీసినవి రెండు రకాలు. ఒకటి, గుమ్మంలో కూర్చుని తల్లీ కూతురూ మాట్లాడుకునే సీను. ఇక్కడ పెదాలున్నాయి. కాలాన్నే కాపాడాలి. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంది, మనుషులూ కూర్చునే ఉన్నారు. `Nearest` లోనే ఉంచేశాం. సెకనుకి ఆరు బొమ్మలు పోతున్నా, ఎగరడానికి తగ్గ కదలిక లేదు కాబట్టి కంటికి తెలీలేదు. ఒక్కచోట తల్లి చెయ్యి విదిలించింది. అక్కడ మాత్రం గంతు కనబడింది. ఆ షాట్‌కి మటుకు `Optical Flow` పెట్టి, ఒక్కో బొమ్మా ఆపి వేళ్ళు చూశాం. ఒక బొమ్మలో గాజుల అంచు మైనంలా కరిగింది గానీ, ఆడించినప్పుడు కనబడలేదు. ఉంచేశాం.

రెండోది బస్సు కిటికీలోంచి తీసిన షాట్. పొలాలూ, కరెంటు స్తంభాలూ వెనక్కి పోతుంటాయి. జెర్కుకి దీన్ని మించిన వేదిక లేదు. నిలువుగా ఉండే వస్తువు పక్కకి జరిగిపోతుంటే ప్రతి గంతూ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కుర్రాళ్ళు అప్పటికే `Optical Flow` వేసి చూశారు. స్తంభం కిటికీ ఊచ వెనక్కి వెళ్ళినప్పుడల్లా ఊచ కూడా స్తంభంతోపాటు వంగిపోయి, పాములా మెలికలు తిరిగింది. ఒకటి ముందూ ఒకటి వెనకా ఉండి, అవి చెరో వేగంతో కదిలితే ఏ చుక్క ఎవరిదో కంప్యూటర్‌కి తెలీదు. `Frame Blend` పెడితే ఒక్కో స్తంభం రెండై దెయ్యంలా కనబడింది.

నేను అడిగింది ఒక్కటే. "ఈ బస్సు ఎంత వేగంతో పోతోందో చూసేవాడికి తెలుసా?" తెలీదు! మాట లేదు, నడక లేదు, గడియారం లేదు. అలాంటప్పుడు కాలాన్ని పట్టుకుని వేలాడటం దేనికి? `Clip Attributes` లో 30ని 24 చేసేశాం. వేగం 80 శాతానికి తగ్గింది, ఎనిమిది సెకన్ల షాట్ పది సెకన్లయింది. అన్ని బొమ్మలూ ఉన్నాయి, ఒక్క గంతూ లేదు. బస్సు శబ్దం వేరే ట్రాకు నుంచి వేశాం. పల్లె వదలలేక వదిలిపోతున్నట్టు ఆ నెమ్మది కథకి కూడా అతికింది.

మూడో అతిథి: తాతగారు

క్యాసెట్టు బొమ్మలో ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా ఉంటుంది. సరిగీతలొకసారి, బేసిగీతలొకసారి. చెయ్యి కదిలినచోట దువ్వెన పళ్ళలా గీతలు కనబడితే అదే గుర్తు. ఏ లెక్కలు మార్చినా ముందు దీన్ని డీఇంటర్లేస్ చెయ్యాలి. లేకపోతే ఆ దువ్వెన పళ్ళు మరింత పాడవుతాయి. అది చేసుకుని, 25 నిండు బొమ్మలున్న క్లిప్పు తీసుకున్నాం.

ఇక కాలమా, ఫ్రేములా? నడక ఉంది కాబట్టి కాలం ముఖ్యమనిపిస్తుంది. కానీ ఇక్కడ తేడా ఎంత? 25ని 24గా ఆడిస్తే నాలుగు శాతం నెమ్మది. ఒక నిమిషం ముక్క అరవై రెండున్నర సెకన్లు అవుతుంది. ఈ నాలుగు శాతం సినిమావాళ్ళకి పాత చుట్టమే. మనలా 25 ఫ్రేముల టీవీ ఉన్న దేశాల్లో 24 సినిమాని 25 చేసి వెయ్యడం మామూలు. అలా వేస్తే రెండున్నర గంటల సినిమా రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలకే అయిపోతుంది. హీరో నడక తేడాగా ఉందని ఎవరైనా అన్నారా? లేదు. కన్ను దాన్ని పట్టదు. సెకనుకో తడబాటుని మాత్రం ఇట్టే పట్టేస్తుంది.

అందుకని తాతగారికి బొమ్మలన్నీ ఉంచేశాం. `Clip Attributes` లో 25ని 24 చేశాం. తాతగారు నున్నగా, దర్జాగా నడిచొచ్చారు.

కన్ను ఒప్పుకుంది గానీ చెవి ఊరుకుంటుందా? వేగంతోపాటు సౌండునీ నాలుగు శాతం తగ్గిస్తే గొంతు అరస్వరానికి కాస్త తక్కువగా దిగిపోతుంది, హార్మోనియం మీద పక్క మెట్టుకి కాస్త ఇవతల ఆగినట్టు. పందిట్లో నాదస్వరం మోగుతోంది. శ్రుతి తెలిసినవాళ్ళకి ఇబ్బందే. పోనీ సౌండుని అసలు వేగంలోనే వదిలేస్తే బొమ్మ వెనకబడుతుంది. నాలుగు సెకన్లకే నాలుగు ఫ్రేములు తేడా. డోలు మీద కర్ర పడకముందే దెబ్బ వినిపిస్తుంది! అందుకని సౌండుని క్యాసెట్టు ముక్కలోంచి విడిగా తీసి, వేగం 96 శాతం పెట్టి, శ్రుతి మారకుండా సాగదీశాం. నాదస్వరం నాదస్వరంలాగే ఉంది. చివర్లో తాతగారు "రామ్మా, కూర్చో" అంటారు. ఆ మాట పెదాలమీదే పడింది.

నమ్మాల్సింది కంటినా, లెక్కనా?

అంతా అయ్యాక ఇంట్లో చూసి కుర్రాడు మళ్ళీ ఫోన్ చేశాడు. "సార్, ఇంకా కొంచెం కుంటుతోంది." అది ఎక్కడ కుంటుతోందో తేల్చుకోవాలి. చాలా కంప్యూటర్ తెరలు సెకనుకి 60సార్లు బొమ్మ మారుస్తాయి. 24 సినిమాని వాటిమీద చూస్తే ఒక బొమ్మ మూడుసార్లు, మరోటి రెండుసార్లు నిలబడుతుంది. ఆ కుంటు తెరది, మీ సినిమాది కాదు. కంప్యూటర్ బలం చాలకపోయినా ఆగి ఆగి ఆడుతుంది. రిజాల్వ్‌లో ఆడే బొమ్మకి పైన ఫ్రేముల లెక్క ఉంటుంది. అది ఎర్రబడి 24 కంటే దిగిందంటే తప్పు యంత్రానిది.

నిజం తెలియాలంటే ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలునే మళ్ళీ తెచ్చి, బాణం మీటతో ఒక్కో బొమ్మా నడిపించండి. ఏదైనా కదిలే వస్తువుని పట్టుకుని చూడండి. స్తంభం ప్రతిసారీ ఒకే దూరం జరిగితే అంతా క్షేమం. మూడుసార్లు సమంగా జరిగి నాలుగోసారి రెట్టింపు దూరం దూకితే, 30 క్లిప్పులో ఐదో బొమ్మ పోతున్నట్టు. రెండు బొమ్మలు అచ్చంగా ఒకేలా ఉంటే, ఎక్కడో తక్కువ లెక్క క్లిప్పు ఎక్కువ లెక్కలోకి వచ్చినట్టు. కుర్రాడి సినిమాలో స్తంభాలు సమంగానే జరిగాయి. కుంటిందల్లా వాళ్ళింట్లో తెరే.

ఎక్స్‌పోర్ట్ కూడా 24లోనే చెయ్యండి. నెట్‌లో పెడుతున్నాం గదా అని 30 చేస్తే, ఇంత కష్టపడి సరిచేసిన బొమ్మల్లో నాలుగింటికొకటి మళ్ళీ రెండుసార్లు పడుతుంది.

రేపు మీ షూటింగ్‌కి ఎవరైనా రెండో కెమెరా పట్టుకొస్తే ముందు దాని లెక్క అడగండి. మాటలున్న సీన్లన్నీ ఒకే లెక్కలో తీయండి. మన కరెంటు 50 సైకిల్స్‌ది కాబట్టి, 24లో తీసేటప్పుడు షట్టరు యాభయ్యో వంతు దగ్గర ఉంచితే ట్యూబ్‌లైట్లు కూడా మినుకుమనవు. అయినా తప్పనిసరిగా ఓ అతిథి వచ్చిపడితే, ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ షాట్‌లో నేను వదులుకోగలిగింది కాలాన్నా, ఫ్రేములనా? పెదాలూ, నాట్యం, దరువూ ఉంటే కాలాన్ని వదలొద్దు. ఏరూ, మబ్బూ, బస్సు కిటికీ అయితే ఫ్రేముల్ని వదలొద్దు. ఆ నిర్ణయం మీరు తీసుకోకపోతే కంప్యూటర్ తీసుకుంటుంది. పాపం, దానికి మీ కథ తెలీదు!